ఎవరూ లెక్కపెట్టని లాభం

ఏటా జూలైలో నా బల్ల మీదికి వచ్చే రిటర్న్‌లలో సగానికి పైగా సుగమ్‌లే, అంటే ఐటీఆర్-4లే. వాటిలో లాభం అని నేను నింపే అంకెను ఎవరూ లెక్కపెట్టి ఉండరు. షాపు యజమాని లెక్కపెట్టలేదు, నేనూ లెక్కపెట్టలేదు, పన్ను అధికారి కూడా మామూలుగా అయితే లెక్కపెట్టడు. అమ్మకం ఎంతో తెలుసు. అందులో ఆరు శాతమో ఎనిమిది శాతమో మిగిలి ఉంటుందని చట్టం అనుకుంది. నేను గుణించి రాశాను. తెనాలిలో ఆడిటరుగా ఇన్నేళ్లు ఈ పని చేశాక, ఆ అంకెకూ నాకూ ఉన్న సంబంధం ఏమిటని ఈమధ్య నన్ను నేను అడుగుతున్నాను. అది నిజమని రాస్తున్నానా, నిజమో కాదో తెలియకుండా రాస్తున్నానా, నిజం వేరే ఉందని తెలిసి కూడా రాస్తున్నానా? ఈ మూడూ వేరు వేరు పనులు. మూడూ నేను చేశాను.

ముందు చట్టం వైపు నుంచి చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. చిన్న షాపుకు చిట్టా, ఆవర్జా సరిగ్గా ఉండేవి కావు. ఉన్నా అధికారి నమ్మేవాడు కాదు. పుస్తకాలు పక్కన పెట్టి ఇంత లాభం వచ్చి ఉంటుందని తానే అంచనా వేసేవాడు. వ్యాపారి మూడు శాతం అంటే అధికారి పన్నెండు అనేవాడు. తగవు అప్పీలుకు వెళ్లేది, అక్కడ ఎవరో ఒకరు ఎనిమిది అనేవారు. ఆ బేరాన్ని ముందే తేల్చి చట్టంలో రాసేయడమే ఊహాత్మక పన్ను. 1992లో చిన్న దుకాణదారులకు ఏడాదికి 1,400 రూపాయలు కట్టి ఊరుకోమని ఒక పథకం తెచ్చారు. 1994లో సివిల్ కాంట్రాక్టర్లకు 8 శాతం అన్నారు, లారీల వాళ్లకు బండికింత అన్నారు. 1997లో చిల్లర వర్తకానికి 5 శాతం వచ్చింది. 2009 బడ్జెట్ వీటిని సర్ది, దాదాపు అన్ని చిన్న వ్యాపారాలకూ 44ఏడీ కింద 8 శాతం పెట్టింది. 2016లో పరిమితిని 2 కోట్లకు పెంచారు, డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, నాలాంటి లెక్కల వృత్తి వాళ్లకు 44ఏడీఏ అని వసూళ్లలో సగం లాభం అన్నారు. పెద్ద నోట్ల రద్దు తర్వాత, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకానికి 8 బదులు 6 చాలన్నారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఇవన్నీ 58వ సెక్షన్ కిందికి చేరాయి. నేను ఇక్కడ చెప్పేవి 2025-26 లెక్కలు కాబట్టి పాత సెక్షన్ల పేర్లే వాడుతున్నాను.

అంటే ఆ ఆరూ ఎనిమిదీ ఏ షాపు లాభాన్నీ కొలిచినవి కావు. సర్కారుకూ చిన్న వ్యాపారికీ మధ్య కుదిరిన రాజీ అది. రాజీ అన్నాక ఒకరికి లాభం, ఒకరికి నష్టం ఉంటాయి. ఎవరికి ఏదో నేను చూడకుండా అందరికీ ఒకే గుణకారం చేస్తున్నానా అన్నదే నా బాధ.

ఇది నాకు స్పష్టంగా కనిపించింది ఇద్దరు అన్నదమ్ముల షాపు విషయంలో. నూనె డబ్బాలు, పంచదార, పప్పులు హోల్‌సేల్‌గానూ చిల్లరగానూ అమ్మే కిరాణా షాపు. వాళ్ల నాన్నగారి పేరు మీద ఉన్నన్నాళ్లూ నేనే 44ఏడీ కింద వేసేవాణ్ని. ఆయన పోయాక కొడుకులిద్దరూ 2025 ఏప్రిల్‌లో భాగస్వామ్య సంస్థ పెట్టుకున్నారు. డీడ్ రాయించుకోవడానికి వచ్చినప్పుడు పెద్దాయన అన్న మాట ఒకటే.

"ఆడిటరు గారూ, నాన్నగారికి వేసినట్టే మాకూ వేసేయండి. పుస్తకాలు, గిస్తకాలు మావల్ల కాదు."

సరేనని తల ఊపబోయి, అలవాటు కొద్దీ కాగితం మీద రెండు అంకెలు వేసి చూశాను. వాళ్ల అమ్మకం ఏడాదికి 90 లక్షలు అనుకుందాం. ఫోన్‌పే, బ్యాంకు ద్వారా 60 లక్షలు, నగదుగా 30 లక్షలు. అరవైకి ఆరు శాతం చొప్పున 3,60,000, ముప్పైకి ఎనిమిది శాతం చొప్పున 2,40,000. చట్టం అనుకునే లాభం 6 లక్షలు. నాన్నగారైతే ఆ ఆరు లక్షలకు ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు, ఆ పైన పడే కాస్తా 12 లక్షల ఆదాయం వరకు రిబేటు కింద మాఫీ. కానీ భాగస్వామ్య సంస్థకు శ్లాబులు లేవు, రిబేటు లేదు. మొదటి రూపాయి నుంచే 30 శాతం. ఆరు లక్షలకు 1,80,000, దాని మీద సెస్సు 7,200. మొత్తం 1,87,200. అదే షాపు, అదే గల్లాపెట్టె, అదే అమ్మకం. తండ్రి ఒక్కడుగా ఉన్నప్పుడు సున్నా, కొడుకులిద్దరూ కలిసి చేసుకుంటే లక్షా ఎనభై ఏడు వేలు.

ఇంకో చిక్కు ఉంది. మామూలుగా సంస్థ తన భాగస్వాములకు ఇచ్చే జీతాన్ని లాభంలోంచి తీసేసుకోవచ్చు. 44ఏడీ కింద లెక్క చూపితే అది కుదరదు. ఒకప్పుడు కుదిరేది, 2016లో ఆ వెసులుబాటు తీసేశారు. ఆరు శాతం అంటే ఖర్చులన్నీ పోగా అని అర్థం. జీతాలు కూడా అందులోనే పోయినట్టు.

అప్పుడు వాళ్లను అడిగాను, అసలు మీకు ఎంత మిగులుతుందని. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఇల్లు గడుస్తోందండి" అన్నాడు చిన్నాయన. నాన్నగారి రిటర్న్‌లు ఏళ్ల తరబడి నింపినవాణ్ని, నాకైనా తెలియాలి కదా. నాకూ తెలియదు. ఆ షాపు లాభం ఎంతో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదన్న సంగతి నాకు ఆ రోజే తట్టింది. ప్రతి ఏడూ ఐటీఆర్-4లో ఒక లాభం రాస్తూనే ఉన్నాం మరి.

ఆ సంవత్సరం పుస్తకాలు రాద్దామని ఒప్పించాను. వాళ్లు భయపడినంత పని కాలేదు. జీఎస్టీ ఉంది కాబట్టి కొనుగోలు బిల్లులు పోర్టల్లోనే నెలనెలా కనిపిస్తాయి. అద్దె, కుర్రాడి జీతం, కరెంటు బిల్లు బ్యాంకు స్టేట్‌మెంట్లో ఉన్నాయి. కష్టమల్లా రెండు చోట్ల. నగదు అమ్మకాన్ని రోజూ రాత్రి షాపు కట్టేముందు ఒక పద్దుగా రాయాలి. మార్చి 31 రాత్రి సరుకు మొత్తం లెక్కపెట్టాలి. ఆ రాత్రి అన్న డబ్బాలు లెక్కపెడుతుంటే తమ్ముడు రాసుకున్నాడు.

తేలిన లెక్క ఇది. నాన్నగారి నుంచి వచ్చిన సరుకు 9 లక్షలు, ఏడాదిలో కొన్నది 83 లక్షల 50 వేలు, చివర మిగిలిన సరుకు 10 లక్షలు. అంటే అమ్మిన సరుకు ఖరీదు 82 లక్షల 50 వేలు. అమ్మకం 90 లక్షలు కనుక పైన మిగిలింది 7 లక్షల 50 వేలు. అద్దె 1,20,000, కుర్రాడి జీతం 1,44,000, కరెంటు 36 వేలు, హమాలీ, రవాణా 30 వేలు, చిల్లర ఖర్చులు 20 వేలు, మొత్తం మూడున్నర లక్షలు పోతే నికరంగా మిగిలింది 4 లక్షలు. అమ్మకంలో నాలుగున్నర శాతం కూడా లేదు. నూనె, పంచదార వ్యాపారంలో అంతకంటే ఎక్కువ రావడం కష్టమే. చట్టం ఆరు లక్షలు అనుకున్నది నిజానికి నాలుగు. లేని రెండు లక్షల మీద కూడా పన్ను కట్టి ఉండేవాళ్లు. ఆ 1,87,200 వాళ్లకు నిజంగా మిగిలిన దాంట్లో దాదాపు 47 శాతం.

పుస్తకాల దారిలో ఏమైంది? పనిచేసే భాగస్వాములకు ఇచ్చే జీతంలో, లాభం 6 లక్షల లోపు ఉంటే 3 లక్షలు గానీ లాభంలో 90 శాతం గానీ ఏది ఎక్కువైతే అంతవరకు చట్టం ఒప్పుకుంటుంది. డీడ్‌లో జీతం సంగతి రాసి ఉండాలి. ముందే రాయించాను. నాలుగు లక్షల్లో 90 శాతం 3,60,000, ఒక్కొక్కరికి 1,80,000. సంస్థకు మిగిలిన ఆదాయం 40 వేలు, దాని మీద పన్ను సెస్సుతో కలిపి 12,480. అన్నదమ్ములకు వేరే ఆదాయం లేదు, లక్షా ఎనభై వేలకు పన్ను పడదు. 2025 ఏప్రిల్ నుంచి భాగస్వాముల జీతం మీద 10 శాతం టీడీఎస్ పట్టుకోవాలి కాబట్టి తలా 18 వేలు ముందు కట్టారు. ఎవరి రిటర్న్ వాళ్లు వేస్తే అది వెనక్కి వస్తుంది. మొత్తం మీద తేడా 1,74,720 రూపాయలు. ఆ షాపుకు ఐదు నెలల నికర లాభం కంటే ఎక్కువ.

ఇక్కడ ఇంకో సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పడేది ఈ గోతిలోనే. ఆ అన్నదమ్ములు మొదటి ఏడాదే 44ఏడీ కింద వేసి, ఆ తర్వాత ఏదో ఒక ఏడు లాభం తక్కువ వచ్చిందని పుస్తకాల లెక్క చూపాలనుకుంటే అంత తేలిక కాదు. ఒకసారి ఈ పద్ధతిలోకి వచ్చాక వరుసగా ఐదేళ్లు దాన్నే పాటించాలి. మధ్యలో బయటికి వస్తే, వచ్చిన ఏడాది తర్వాత మరో ఐదేళ్లు మళ్లీ లోపలికి రానివ్వరు. ఉదాహరణకు 2023-24లో 44ఏడీ వాడినవాళ్లు 2025-26లో అంతకంటే తక్కువ లాభం చూపితే, 2026-27 నుంచి 2030-31 దాకా తలుపు మూసినట్టే. పైగా అమ్మకం కోటి దాటకపోయినా, ఆదాయం పన్ను లేని హద్దును దాటితే ఆడిట్ తప్పదు. సంస్థకు ఆ హద్దే లేదు కనుక రూపాయి ఆదాయం ఉన్నా ఆడిటే. చేయించకపోతే అమ్మకంలో అర శాతం, గరిష్ఠంగా లక్షన్నర దాకా జరిమానా. కాబట్టి మొదటి ఏడు ఏ గడి నింపామన్నది ఆ ఒక్క ఏడాది సంగతి కాదు. "ఈసారికి ఆరు వేసేయండి" అని వచ్చే ప్రతివాడికీ ఈ మాట చెప్పాలి. జూలై చివరి వారంలో, బయట బల్ల మీద ఇంకో పదిమంది కూర్చుని ఉండగా, అందరికీ చెప్పానని గుండెల మీద చెయ్యి వేసుకుని అనలేను.

ఇదే ఆలోచన నన్ను ఇంకో వైపుకు లాగింది. అన్నదమ్ముల లెక్కను నేను అంత శ్రద్ధగా వేసింది పన్ను పడుతోంది గనుక. వాళ్ల నాన్నగారి లెక్క వేయనిది పన్ను పడలేదు గనుక. సున్నా వచ్చిన చోట నేను ఎప్పుడూ ఆగి అడగలేదు. ఆయన షాపు బాగా నడుస్తోందా, అరువులు పెరిగిపోతున్నాయా, గడువు దాటిన సరుకు మూల పడి ఉందా అన్నది నా పని కాదనుకున్నాను. నా పని రిటర్న్. కానీ ఊరంతా నన్ను ఆడిటరు గారు అని పిలిచేది రిటర్న్ వేసినందుకు కాదు, లెక్క తెలిసినవాడినని.

ఐటీఆర్-4లో లాభం గడి పక్కనే ఇంకొన్ని గళ్లు ఉంటాయి. సంవత్సరం చివర చేతిలో సరుకు ఎంత, మనం ఇవ్వాల్సిన బాకీలు ఎంత, మనకు రావాల్సినవి ఎంత, చేతిలో నగదు ఎంత. పుస్తకాలు అక్కర్లేదన్న చట్టమే ఈ నాలుగూ అడుగుతుంది. నేను ఫోన్ చేసి "సరుకు ఎంతుంటుందండీ" అంటే అవతల "పది వేసుకోండి" అంటారు. పది లక్షలు రాస్తాం. మరుసటి ఏడు పదకొండు. ఏడాది క్రితం రాసిన పదికీ ఇప్పటి పదకొండుకూ మధ్య కొనుగోలు, అమ్మకం ఎంతో కూడా మా దగ్గరే ఉంటాయి. ఆ సరుకు అంకెలు నిజమైనవైతే, ఖర్చులు కూడా పెట్టి, కూడి తీసివేసి, నూనె షాపుకు మిగిలింది నాలుగున్నర శాతమా, ఆరా అని అరగంటలో తేల్చవచ్చు. అవి ఊహలైనప్పుడు లాభం ఊహ, దాని పక్కన సరుకు ఊహ, ఊహ మీద ఊహ. లాభాన్ని ఊహించమని చట్టం చెప్పింది. సరుకును ఊహించమని చెప్పలేదు. ఈ తేడా నాకు ఎప్పుడూ తెలుసు. తెలిసి కూడా ఫోన్‌లో విన్నది రాసుకోవడం అలవాటైంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

మార్జిన్ ఎక్కువ ఉండే వ్యాపారంలో ఊహ ఇంకో వైపుకు తప్పుతుంది. చీరలు, ఫ్యాన్సీ సామాన్లు అమ్మే షాపులో నూటికి ఇరవై మిగలడం వింతేమీ కాదు. అక్కడ 40 లక్షల అమ్మకం మీద ఆరు శాతం వేస్తే 2,40,000. యజమాని సంతోషంగా వెళతాడు. నాలుగేళ్ల తర్వాత అతనే 35 లక్షలకు స్థలం కొంటాడు. పెద్ద మొత్తాల రిజిస్ట్రేషన్ వివరాలు రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి పన్ను శాఖకు వెళతాయి. ఏటా రెండున్నర లక్షల ఆదాయం చూపినవాడికి ముప్పై అయిదు లక్షలు ఎక్కడివని నోటీసు వస్తుంది. అప్పుడు "వ్యాపారంలో మిగిలిందండీ" అంటే, మిగిలింది రెండున్నరే అని నాలుగేళ్లుగా సంతకం పెట్టింది అతనే. 2010లో పంజాబ్-హర్యానా హైకోర్టు, ఊహాత్మక పద్ధతిలో ఉన్నవాడు బ్యాంకులో పడ్డ ప్రతి మొత్తాన్నీ విడివిడిగా రుజువు చేయనక్కర్లేదని చెప్పింది, అయితే ఆ డబ్బుకూ చూపిన వసూళ్లకూ సంబంధం ఉండాలి. ఆ సంబంధం చూపేందుకు అయినా కాగితాలు కావాలి. పుస్తకాలు రాయనక్కర్లేదన్న మాటను, ఏదీ దాచుకోనక్కర్లేదని జనం అర్థం చేసుకున్నారు. మేం ఆ అర్థాన్ని సరిదిద్దలేదు.

ఇంకో చిన్న విషయం. ఆరు శాతం వేయాలంటే డబ్బు ఆ వ్యాపారి ఖాతాలోకి బ్యాంకు ద్వారా రావాలి. కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ కొడుకు ఖాతాకో, భార్య ఖాతాకో కట్టి ఉన్న షాపులు మా ఊళ్లోనే చాలా ఉన్నాయి. అమ్మకం ఒకరిది, జమ ఇంకొకరిది. రెండు రిటర్న్‌లూ తప్పుతాయి. నేను ఇప్పుడు రిటర్న్ కంటే ముందు క్యూఆర్ కోడ్ ఫొటో అడుగుతున్నాను. అలాగే ఎల్ఐసీ ఏజెంట్లు, ఇతర కమిషన్ వ్యాపారాల వాళ్లు "మాకూ ఆరు వేయండి" అని వస్తారు. కమిషన్ ఆదాయానికి 44ఏడీ వర్తించదు, వాళ్లు మామూలుగా లెక్క రాయాల్సిందే.

ఇంతవరకు ఇతరుల లెక్కలు. ఇక నాది.

నేనూ 44ఏడీఏ కిందే వేస్తాను. 2025-26లో నా వసూళ్లు 24 లక్షలు. సగం లాభం అంటే 12 లక్షలు. పన్నెండుకు రిబేటు సరిగ్గా సరిపోతుంది, పన్ను సున్నా. కానీ నా ఖర్చులు 12 లక్షలు కావు. ఆఫీసు అద్దె 2,40,000, ఇద్దరు అసిస్టెంట్ల జీతాలు 3,60,000, సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్, పెట్రోలు, మిగతా అన్నీ కలిపి 2 లక్షలు. ఎనిమిది లక్షలు పోతే నాకు మిగిలింది 16 లక్షలు. ఇది నేను ఊహించింది కాదు, లెక్కలవాణ్ని కదా, నా లెక్క నాకు తెలుసు. పదహారు లక్షలు చూపితే పన్ను 1,24,800.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు మాటల్లో అడిగాడు, "మామయ్యా, మీకు పన్ను ఎంత పడుతుంది?" అని. వాడి జీతమూ 24 లక్షలే. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోను మిగిలిన దానికి సెస్సుతో కలిపి 2,92,500 పడుతుంది. ప్రతి నెలా వాడి చేతికి రాకముందే కోసేస్తారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చెప్పడానికి సిగ్గుపడ్డానని కాదు. చట్టం ఇచ్చిన దారే కదా అని నాకు నేను ఎప్పుడో చెప్పుకున్న మాట, వాడి ముందు అంత బలంగా నోటికి రాలేదు.

చట్టం భాష కూడా నన్ను వదలదు. వసూళ్లలో సగం, లేదా అంతకంటే ఎక్కువ సంపాదించినట్టు పన్నుదారు చెప్పుకున్న మొత్తం, ఈ రెంటిలో ఎక్కువది అని ఉంది. నా స్నేహితులైన ఆడిటర్లు దీన్ని ఇలా చదువుతారు: ఎక్కువ చెప్పుకోవడం నీ ఇష్టం, చెప్పుకోకపోతే సగంతో సరి, పుస్తకాలు రాయవద్దన్న చట్టమే పుస్తకాల్లో ఉన్నంత చూపమని ఎలా అడుగుతుంది? ఆ వాదనలో బలం ఉంది. ఖర్చు ఎక్కువై అసలు లాభం ముప్పై శాతమే వచ్చినవాడు కూడా ఈ పద్ధతిలో ఉంటే యాభై చూపుతున్నాడు, అతనికి లేని ఆదాయం మీద పన్ను పడినప్పుడు, ఉన్నవాడికి కొంత మినహాయింపు దొరకడం ఆ రాజీలో భాగమే అంటారు. అన్నదమ్ముల షాపు చూసినవాణ్ని, ఈ మాట కాదనలేను.

కానీ ఆ రాజీ లెక్క తెలియనివాడి కోసం చేసింది. లెక్క చేతిలో పెట్టుకుని, చెప్పుకోకపోతే చాలు కదా అనుకునే నేను ఆ రాజీలోకి ఏ హక్కుతో వస్తున్నాను? నూనె డబ్బాలు లెక్కపెట్టుకోలేని ఆ అన్నదమ్ముల నాన్నగారికీ నాకూ ఇక్కడ పోలిక లేదు.

నిజాయితీగా ఇంకో మాట ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒకసారి నేను సగం కంటే ఎక్కువే చూపాను, నిజంగా మిగిలినంత. అది ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకు అప్పు అవసరమైన సమయం. బ్యాంకు మూడేళ్ల రిటర్న్‌లు అడుగుతుంది, ఆదాయం తక్కువ ఉంటే అప్పూ తక్కువే. అప్పుడు నాకు నా అసలు లాభం గుర్తొచ్చింది. అప్పు మంజూరయ్యాక మళ్లీ సగానికి వచ్చాను. 44ఏడీఏలో 44ఏడీకి ఉన్న ఐదేళ్ల కట్టుబాటు లేదు, కాబట్టి ఏ చిక్కూ రాలేదు. చట్టరీత్యా అందులో తప్పు లేదు. కానీ నిజం నాకు కావలసినప్పుడు బయటికి వచ్చింది, అక్కర్లేనప్పుడు లోపలే ఉండిపోయింది. ఇది గమనించాక, ఆ సగం నాకు తెలియక రాసిన సగమని మళ్లీ అనుకోలేకపోయాను.

ఈ జూలైలో నా రిటర్న్‌లో 16 లక్షలే రాస్తున్నాను. మార్చి 15లోపు ముందస్తు పన్ను కూడా దాని ప్రకారమే కట్టాను, ఊహాత్మక పద్ధతిలో ఉన్నవాళ్లకు ఆ ఒక్క వాయిదాయే. మా మేనల్లుడితో సమానం కాలేదు, కాకపోయినా పరవాలేదు, వాడికి అద్దె, ఇద్దరి జీతాల బాధ్యత లేవు.

నా క్లయింట్లను మాత్రం ఇలా చేయమని బలవంతపెట్టడం లేదు, పెట్టను కూడా. ఇరవై శాతం మిగిలే షాపువాడు ఆరు చూపడానికి చట్టం ఒప్పుకుంటోంది. నేను నా విషయంలో ఒక గీత గీసుకుని, దాన్ని ఫీజు ఇచ్చేవాళ్ల మీద రుద్దడం సబబా అన్నది నాకు ఇంకా తేలలేదు. రెండు కొలతలు వాడుతున్నానేమోనని అనిపిస్తూనే ఉంది. తేలింది ఇంతవరకే: ఏ అంకె చూపాలన్నది వాళ్ల ఇష్టం, కానీ అసలు అంకె ఏదో వాళ్లకు తెలియాలి. అందుకే ఈ మార్చి నుంచి ఐటీఆర్-4 వేసే ప్రతి షాపుకూ ఒకే కాగితం పంపుతున్నాను. సరుకు లెక్క, ఇవ్వాల్సినవి, రావాల్సినవి, చేతిలో నగదు, క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాకు కట్టి ఉంది, మార్చి 31 రాత్రి రాసి సంతకం పెట్టాలి. దాని కింద నేను నిజమైన లాభం లెక్కకట్టి, దాని పక్కనే చట్టం అనుకునే లాభం రాసి, రెండూ చూపించి అడుగుతాను. సగంమంది ఆ కాగితం తిరిగి ఇవ్వలేదు. మిగతా సగంమంది తమ వ్యాపారంలో నిజంగా మిగిలేది ఎంతో మొదటిసారి చూసుకున్నారు. వాళ్లలో ఒక మందుల షాపాయన, ఆరు శాతం అనుకున్నది పదకొండు తేలితే, గడువు దాటి కంపెనీకి తిరిగి పంపని సరుకును కూడా నిల్వలో లెక్కపెట్టానేమోనని అనుమానపడి మళ్లీ వెళ్లి లెక్కపెట్టాడు. తొమ్మిదికి వచ్చింది. రిటర్న్‌లో ఆయన తొమ్మిదే వేయమన్నాడు, నేను అడగలేదు.